చెక్క ఖరీదుకు రెండుముప్పావు రెట్లు: ఒక డైనింగ్ సెట్ కాస్ట్ షీట్, కొటేషన్

ఆర్డరు ఇదీ. ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ ఒకటి, దానికి చెరో వైపు ఒక్కో బెంచీ. టేబుల్ పైపలక 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, చిత్రిక పట్టాక ఒకటింబావు అంగుళం మందం. బెంచీలు 5 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు, పలక మందం అదే. అన్నీ గట్టి చెక్కతో చేయాలి, ప్లైవుడ్ ఎక్కడా వాడకూడదు. కస్టమర్ రెండు కొటేషన్లు అడిగారు, ఒకటి టేకులో, ఒకటి రబ్బర్‌వుడ్‌లో. డిజైన్, కొలతలు, జాయింట్లు రెండింటికీ ఒకటే.

వర్క్‌షాప్‌లో నలుగురు వడ్రంగులు పనిచేస్తారు. యజమాని కూడా ఒకప్పుడు వడ్రంగి పనిబెంచి దగ్గర పనిచేసినవారే. నేను వాళ్ల లెక్కలు చూస్తాను. ఆయన కొటేషన్ వేసే పద్ధతి చాలా చోట్ల కనిపించేదే: చెక్క ఎంత పడుతుందో చూసి, దాని ఖరీదును రెండుముప్పావుతో గుణించడం. ఈ ఆర్డరుకు 8 ఘనపుటడుగుల చెక్క పడుతుందని లెక్కేశారు. టేకు ఘనపుటడుగు 500 కాబట్టి చెక్కకు 4,000, ధర 11,000. రబ్బర్‌వుడ్ 200 కాబట్టి చెక్కకు 1,600, ధర 4,400. ఈ రెండు కాగితాలూ కస్టమర్‌కు వెళ్లేముందు నా టేబుల్ మీదికి వచ్చాయి.

(అంకెల పక్కన కరెన్సీ పేరు కావాలనే రాయలేదు. అసలు దరలను లెక్క సులువుగా సాగేలా గుండ్రంగా మార్చాను. ఇక్కడ చూడాల్సింది ఒకదానితో ఒకటి ఎంత నిష్పత్తిలో ఉందన్నదే.)

రెండో కాగితం చూడగానే అనుమానం వచ్చింది. ధరలో 6,600 తేడా ఉంది. చెక్క కొనుగోలులో తేడా 2,400 మాత్రమే. మిగతా 4,200 ఎక్కడ తగ్గింది? రబ్బర్‌వుడ్ అయితే వడ్రంగి తక్కువ జీతానికి రాడు, షెడ్డు అద్దె తగ్గదు. "ఎన్నేళ్లుగానో ఇదే లెక్క సార్, ఎప్పుడూ నష్టం రాలేదు" అన్నారాయన. ఆ మాటా నిజమే. ఆయన చేసేవి దాదాపు అన్నీ టేకు పనులే, కాబట్టి ఆ గుణకం టేకుకు తగ్గట్టు తనంతట తానే కుదురుకుంది. చెక్క మారితే ఆ అంకె పనికిరాదు. ఎందుకో, ఖర్చులన్నీ వరుసలుగా రాసే కాస్ట్ షీట్ వేస్తేనే తెలుస్తుంది.

చెక్క

ఆయన చెప్పిన 8 ఘనపుటడుగులు సరైనదే. అది ఎలా వచ్చిందో చూడాలి, ఎందుకంటే కొత్తగా షీట్ వేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. డ్రాయింగ్ మీద ఉన్న కొలతలను గుణించి, పైన ఓ పది శాతం వేస్టేజీ కలిపేస్తారు. అది సరిపోదు.

టేబుల్ పైపలకనే తీసుకుందాం. పూర్తయ్యాక అది 6 అడుగులు × 3 అడుగులు × ఒకటింబావు అంగుళం, అంటే సుమారు 1.9 ఘనపుటడుగులు. కానీ అది అంత వెడల్పున్న ఒకే పలకగా దొరకదు. 6 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న రంపపు కోత పలకలు ఏడు తీసుకోవాలి. అంచులు తిన్నగా చేసి, తెల్లచెక్క తీసేస్తే ఒక్కో పలకలో ఐదుంబావు అంగుళాలే మిగులుతాయి. ఏడూ అతికిస్తే 36 అంగుళాల కన్నా ఓ ముప్పావు అంగుళం ఎక్కువ వస్తుంది, చివర్లో సరిచేయడానికి ఆ మాత్రం కావాలి. కొనల్లో పగుళ్లు తీసేయాలి కాబట్టి పొడవు ఆరున్నర అడుగులు తీసుకోవాలి. ఇప్పుడు గుణిస్తే దాదాపు 2.85 ఘనపుటడుగులు. పూర్తయిన పలకలో ఉండే చెక్క కన్నా ఇది సగం ఎక్కువ.

కాళ్లు, పైపలక కింద చుట్టూ వచ్చే అడ్డపట్టీలు, బెంచీలు అన్నింటికీ ఇదే పద్ధతిలో కట్టింగ్ లిస్ట్ రాస్తే ఏడున్నర వస్తుంది. లోపల ముడులో, పగుళ్లో బయటపడితే మార్చుకోవడానికి అర కలిపితే 8. పూర్తయిన ఫర్నిచర్‌లో కనిపించే చెక్క మాత్రం 4.8. అంటే కొన్నదాంట్లో 60 శాతమే సరుకుగా మారుతోంది. పది శాతం వేస్టేజీ లెక్కతో వెళితే 5.3 దగ్గర ఆగిపోయేవాళ్లం. టేకు దరలో ఆ తేడా 1,350, తర్వాత చూడబోయే లాభంలో సగానికి పైనే.

మిగిలిన ముక్కల విలువను షీట్‌లోంచి తగ్గించాలా అని అడుగుతుంటారు. నేను తగ్గించను. ఆ ముక్క నిజంగా ఇంకో పనిలో వాడినప్పుడు ఆ పని షీట్‌లో ధర వేసి, ఇక్కడ తగ్గించుకోవచ్చు. మూలన పడున్న ముక్కలన్నీ ఏదో రోజు వాడతామన్న ఆశతో ఈ రోజు ధర తగ్గించడం సరికాదు.

జిగురు, టేబుల్ పలకను అడ్డపట్టీలకు పట్టి ఉంచే క్లిప్పులు, స్క్రూలు, గరుకు కాగితం, పాలిష్, ప్యాకింగ్ అన్నీ కలిపి 500. ఇవి చిన్నవే కానీ షీట్‌లో వేరే వరుసలో ఉండాలి. చెక్కలో శాతంగా పెడితే మళ్లీ పాత జబ్బే వస్తుంది. రబ్బర్‌వుడ్ టేబుల్‌కి జిగురు తక్కువేమీ పట్టదు.

గంటలు

ఇక అసలు సంగతి. గంటల్ని ఊహించడం కన్నా లెక్కపెట్టడం మేలు, చాలా వరకు లెక్కపెట్టొచ్చు కూడా. జాయింట్లే చూడండి. ఒక్కో కాలికి రెండు అడ్డపట్టీలు వచ్చి కలుస్తాయి. కాలిని తొలిచి, పట్టీ కొనను అందులో దించే జాయింట్లు ఇవి. టేబుల్‌కు నాలుగు కాళ్లు, రెండు బెంచీలకు ఎనిమిది, మొత్తం పన్నెండు కాళ్లు, 24 జాయింట్లు. ఈ వర్క్‌షాప్‌లో ఉన్న మెషిన్‌తో గుర్తుపెట్టి, తొలిచి, కొన కోసి, సరిచూసుకోవడానికి జాయింటుకు అరగంట పడుతుంది. అంటే 12 గంటలు. ఇక్కడే ఇంకో సంగతి కనిపిస్తుంది. కంటికి చిన్నగా కనిపించే బెంచీలు రెండూ కలిపి టేబుల్‌కి రెట్టింపు జాయింట్ పని తింటున్నాయి. చెక్క లెక్కలో బెంచీలు చిన్నవి, గంటల లెక్కలో కాదు.

శాండింగ్ కూడా అంతే, చదరపుటడుగుల్లో కొలవొచ్చు. పలకల రెండు ముఖాలు, కాళ్లు, పట్టీలు కలిపి సుమారు 90 చదరపుటడుగులు. ముతక నుంచి నునుపు వరకు అన్ని నంబర్ల కాగితాలూ కలిపి గంటకు 9 చదరపుటడుగులు అవుతుంది, కాబట్టి 10 గంటలు. పలక అడుగు వైపు ఎవరికీ కనిపించదు కదా అని వదిలేస్తే కుదరదు. పైన మాత్రమే పాలిష్ వేసి కింద వదిలేస్తే రెండు ముఖాలూ తేమను వేర్వేరుగా పీల్చుకుని పలక వంగే ప్రమాదం ఉంది.

మిగతావి: చెక్క ఎంచుకుని కోయడం 6, చిత్రిక పట్టి అంచులు తిన్నగా చేయడం 8, పలకలు అతికించడం 5, బిగింపు 6, పాలిష్ 9, ప్యాకింగ్ 1, కస్టమర్ ఇంట్లో దింపి అమర్చడం 3. జాయింట్లు, శాండింగ్ కలిపితే 60 గంటలు. జిగురు ఆరేదాకా, పాలిష్ పూతల మధ్య వేచి ఉండే సమయం ఇందులో లేదు. ఆ సమయంలో మనిషి వేరే పని చేసుకుంటాడు. డెలివరీ తేదీ చెప్పేటప్పుడు మాత్రం అది గుర్తుండాలి.

రబ్బర్‌వుడ్‌కీ 60 గంటలే పెట్టాం. కోత, చిత్రిక కాస్త తేలిక, కానీ ఆ లేత రంగు మీద కస్టమర్ కోరిన ముదురు రంగు రావాలంటే అదనంగా ఒక స్టెయిన్ పూత కావాలి. అటూ ఇటూ సరిపోతుంది. ముందే అతికించి అమ్మే రబ్బర్‌వుడ్ పలకలు కొంటే గంటలు బాగా తగ్గుతాయి, కానీ అప్పుడు అది వేరే డిజైన్, వేరే షీట్.

గంటకు ఎంత

యజమాని లెక్కలో వడ్రంగికి గంటకు 28 పడుతోంది. ఏడాదికి ఒక్కొక్కరికి జీతం, బోనస్, వడ్రంగి తరఫున యజమాని కట్టాల్సిన పీఎఫ్ లాంటి చందాలు అన్నీ కలిపి 67,200. దాన్ని జీతమిచ్చే 300 రోజుల 8 గంటలతో, అంటే 2,400 గంటలతో భాగిస్తే 28. భాగహారంలో తప్పు లేదు, కానీ భాగించాల్సింది ఆ గంటలతో కాదు. 300 రోజుల్లో 20 రోజులు జీతంతో కూడిన సెలవు. వచ్చిన 280 రోజుల్లోనూ రోజుకు 8 గంటలూ ఏదో ఒక ఆర్డరు మీద పనిచేయడు. బ్లేడు మార్చడం, పదును పెట్టడం, లారీ నుంచి చెక్క దించుకోవడం, పొట్టు ఊడ్చడం, టీ, ఇవన్నీ పోను రోజుకు 6 గంటలు ఆర్డరు మీద పడితే అది మంచి వర్క్‌షాపే. 280 × 6 = 1,680 గంటలు. 67,200ను దాంతో భాగిస్తే గంటకు 40.

28 వేసి ఉంటే 60 గంటల పనిలో 720 కాగితం మీద కనిపించకుండా పోయేది. ఆ డబ్బు జీతం రూపంలో ఎలాగూ ఖర్చవుతుంది, కాకపోతే ఏ కస్టమర్ నుంచీ రాదు.

ఓవర్‌హెడ్‌కూ, అంటే ఏ ఒక్క ఆర్డరుకూ విడిగా చెందని ఉమ్మడి ఖర్చులకూ, ఇవే గంటలు వాడాం. అద్దె 48,000, కరెంటు 21,600, మెషిన్ల తరుగుదల, రిపేర్లు 36,000, ఇన్సూరెన్స్, ఫోను, ఇతర చిల్లర ఖర్చులు 24,000. వీటికి తోడు యజమాని జీతం 72,000. ఈ చివరి వరుస దగ్గర ఆయన ఆగిపోయారు. "నాకు జీతమేంటి సార్, మిగిలిందే నాది కదా." కస్టమర్లతో మాట్లాడటం, డ్రాయింగులు గీయడం, చెక్క ఎంచడానికి డిపోకు వెళ్లడం, ఇవన్నీ ఆయన చేయకపోతే ఎవరినో పెట్టుకుని జీతమివ్వాలి. ఆ పని ఖర్చు ధరలో లేకపోతే లాభం అని రాసుకునేది సగం ఆయన కూలీయే అవుతుంది. ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగానే.

మొత్తం 2,01,600. నలుగురు వడ్రంగులు × 1,680 = 6,720 గంటలు. గంటకు 30. ఈ దరను ఏడాది మొదట్లో, మామూలుగా ఉండే పనిని బట్టి ఒకసారి నిర్ణయించి అలాగే ఉంచాలి. పని తగ్గిన నెలలో అదే అద్దెను తక్కువ గంటలకు పంచి, గంటకు 45 అని వేస్తే కొటేషన్లు ఖరీదైపోతాయి, ఉన్న ఆర్డర్లూ పోతాయి, గంటలు ఇంకా తగ్గుతాయి. ఖాళీగా పోయిన గంటల భారం ఆ నెల లాభనష్టాల ఖాతాలో కనిపించాలి. ఈ కస్టమర్ టేబుల్ మీద వేయకూడదు.

ఓవర్‌హెడ్‌ను చెక్క ఖరీదులో శాతంగా ఎందుకు వేయకూడదో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. షెడ్డును, మెషిన్లను, యజమాని సమయాన్ని ఆక్రమించేది పని జరిగే గంటలే. చెక్క ఖరీదైనదైతే షెడ్డు ఎక్కువ వాడుకోదు.

షీట్

| వరుస | టేకు | రబ్బర్‌వుడ్ |
|---|---|---|
| చెక్క, 8 ఘ. అడుగులు | 4,000 | 1,600 |
| ఇతర సామగ్రి | 500 | 500 |
| కూలీ, 60 గం. × 40 | 2,400 | 2,400 |
| రవాణా, బండి అద్దె | 300 | 300 |
| ఓవర్‌హెడ్, 60 గం. × 30 | 1,800 | 1,800 |
| మొత్తం ఖర్చు | 9,000 | 6,600 |
| మార్కప్ 25 శాతం | 2,250 | 1,650 |
| అమ్మకం ధర | 11,250 | 8,250 |

పాత లెక్కలో టేకు ధర 11,000, షీట్ ధర 11,250. దాదాపు ఒకటే, అందుకే ఇన్నాళ్లూ నష్టం రాలేదు. రబ్బర్‌వుడ్ పాత ధర 4,400, ఖర్చే 6,600. ఆ కాగితం వెళ్లి కస్టమర్ సరేనంటే 2,200 నష్టానికి పని ఒప్పుకున్నట్టే. అంత తేడా ఉన్న రెండు కాగితాలు పక్కపక్కన పెడితే ఎవరైనా చవకదే తీసుకుంటారు, అది వేరే సంగతి. తిరగేసి చూస్తే ఇంకో ప్రమాదమూ ఉంది. టేకు దర 600కి పెరిగితే పాత పద్ధతిలో ధర 13,200 అవుతుంది, షీట్ ప్రకారం 12,250 చాలు. అప్పుడు ఆర్డరు పక్క వర్క్‌షాప్‌కి పోతుంది, ఎందుకు పోయిందో కూడా తెలియదు.

మార్కప్ 25 ఎందుకు, 20 ఎందుకు కాదు

యజమానికి కావాల్సింది "20 శాతం లాభం". ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి: దేని మీద 20? ఆయన ఉద్దేశం అమ్మకంలో ఐదో వంతు మిగలాలని. అది మార్జిన్. ఖర్చు మీద కలిపేది మార్కప్. ఖర్చు 9,000 మీద 20 శాతం కలిపితే ధర 10,800, లాభం 1,800. 1,800ను 10,800తో పోలిస్తే 16.7 శాతమే. అమ్మకంలో ఐదో వంతు మిగలాలంటే ఖర్చు మిగతా ఐదింట నాలుగు వంతులు కావాలి. అంటే 9,000ను 0.80తో భాగించాలి.

```
ధర    = ఖర్చు ÷ (1 − మార్జిన్) = 9,000 ÷ 0.80 = 11,250
మార్కప్ = మార్జిన్ ÷ (1 − మార్జిన్) = 0.20 ÷ 0.80 = 25%
```

యజమాని జీతం ఓవర్‌హెడ్‌లోకి వెళ్లిపోయింది, చెక్కలో వచ్చే లోపాలకు అర ఘనపుటడుగు ఇప్పటికే కలిపాం. కాబట్టి మార్కప్ వీటికోసం కాదు. ఆదాయపు పన్ను, రాని బాకీలు, రేపు కొత్త మెషిన్ కొనడానికి కావాల్సిన సొమ్ము, వ్యాపారంలో డబ్బు పెట్టినందుకు ప్రతిఫలం, ఇవి అందులోంచి రావాలి. చాలామంది "ఎందుకైనా మంచిది" అని చెక్కలో కొంత, గంటల్లో కొంత, మళ్లీ మార్కప్‌లో కొంత పెంచుతారు. ఒకే భయానికి మూడుసార్లు డబ్బు కట్టించుకోవడం అది. ఆర్డరు పోయాక ఎక్కడ ఎక్కువైందో వెతికినా దొరకదు.

రెండు చెక్కలకూ ఒకే 25 శాతం వేశాం కానీ, నా దృష్టిలో అదొక మొదలు మాత్రమే. గంటకు లాభం చూడండి. టేకులో 2,250ను 60తో భాగిస్తే 37.5. రబ్బర్‌వుడ్‌లో 1,650, గంటకు 27.5. అవే గంటలు, అదే పనిబెంచి. చేతినిండా పని ఉన్న నెలలో రబ్బర్‌వుడ్ పని ఒప్పుకుంటే టేకు పనిని పక్కన పెట్టాల్సి వస్తుంది. అప్పుడు రబ్బర్‌వుడ్ కూడా 2,250 సంపాదించాలి, అంటే ధర 8,850, మార్కప్ 34 శాతం. పని లేని నెలలో 8,250 చాలు. యజమాని ఈ ఆర్డరుకు 8,250 మీదే నిలబడ్డారు, ఆ నెల పనిబెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

బేరం

కస్టమర్ టేకునే ఎంచుకున్నారు, కానీ పది శాతం తగ్గించమన్నారు. వినడానికి చిన్నదే. 11,250లో పది శాతం 1,125. ఖర్చులో ఒక్క పైసా తగ్గదు కాబట్టి మొత్తం లాభంలోంచే పోతుంది. 2,250 కాస్తా 1,125 అవుతుంది, సరిగ్గా సగం. ధర తగ్గించడం కన్నా పని తగ్గించడం గురించి మాట్లాడమన్నాను. షీట్ చేతిలో ఉంటే ఈ మాట సులువు, ఏ వరుసలో ఎంత తగ్గుతుందో అక్కడికక్కడే చెప్పొచ్చు.

యజమాని రెండు మార్పులు సూచించారు. ఒకటి, పలకల మందం ఒకటింబావు నుంచి ఒక అంగుళానికి. కింద అడ్డపట్టీలు ఉన్నాయి కాబట్టి పలక కుంగదు. రంపపు కోతలో ఒకటిన్నర బదులు ఒకటింబావు పలకలు చాలు, 0.8 ఘనపుటడుగు మిగులుతుంది, అంటే 400. గంటల్లో మార్పు లేదు. రెండోది, పొరలు పొరలుగా వేసే పాలిష్ బదులు ఆయిల్ ఫినిష్. పాలిష్ 9 గంటలు 5కు వస్తుంది, గంటకు కూలీ 40, ఓవర్‌హెడ్ 30 కలిపి 70 కాబట్టి 4 గంటలు × 70 = 280, సామగ్రిలో ఇంకో 20. బెంచీల జాయింట్లను డోవెల్‌కు, అంటే గుండ్రటి చెక్క మేకులతో కలిపే పద్ధతికి, మార్చి ఇంకొన్ని గంటలు తగ్గించవచ్చా అని నేనే అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. టేబుల్ మీద బరువు కిందికి పడుతుంది, బెంచీ మీద కూర్చున్నవాళ్లు అటూ ఇటూ కదులుతారు, జాయింటు మీద పడేది పక్కనుంచి వచ్చే ఒత్తిడి. ఆయనదే సరైన మాట.

కొత్త ఖర్చు 8,300, అదే 25 శాతంతో ధర 10,375. కస్టమర్‌కు 875 తగ్గింది, మార్జిన్ 20 శాతమే ఉంది. ఆయిల్ ఫినిష్‌కు ఎప్పటికప్పుడు మళ్లీ ఆయిల్ పట్టించాలని, వేడి గిన్నెలు, నీటి మరకల విషయంలో జాగ్రత్త కావాలని కొటేషన్‌లోనే రాశాం. కస్టమర్ ఒప్పుకున్నారు.

కొటేషన్ కాగితంలో కాస్ట్ షీట్ వరుసలు ఏవీ పెట్టలేదు. గంటలు, ఓవర్‌హెడ్ చూపిస్తే ప్రతి వరుస మీదా బేరం మొదలవుతుంది. అందులో ఉండాల్సింది కొలతలు, చెక్క రకం, ఫినిష్, ఒకే ధర, పన్ను అదనం అన్న మాట, డెలివరీ సమయం, ఈ ధర ఎన్ని రోజులు చెల్లుతుందో. చెక్క దర కదులుతూ ఉంటుంది కాబట్టి ఈ చివరిది వదలకూడదు. అడ్వాన్సు 40 శాతం పెట్టాం, 4,150. చెక్కకు 3,600, ఇతర సామగ్రికి 480, మొత్తం 4,080. ఆ అడ్వాన్సుతో సామగ్రి ఖర్చు వెళ్లిపోతుంది, వర్క్‌షాప్ సొంత డబ్బు చెక్కలో ఇరుక్కోదు. ఒక కస్టమర్ కోసం ప్రత్యేకంగా చేసిన కొలతల టేబుల్ వెనక్కి వస్తే ఇంకెవరికీ అమ్ముడుపోదు. ఆ రిస్కుకు కూడా అడ్వాన్సే అడ్డు.

పని అయ్యాక

షీట్ పక్కనే ఇంకో నిలువు వరుస ఖాళీగా వదిలాం, అసలు ఖర్చు రాయడానికి. వడ్రంగులు ప్రతి రోజు సాయంత్రం ఏ పని మీద ఎన్ని గంటలో ఒక కార్డు మీద రాశారు. స్టోర్ నుంచి చెక్క ఇచ్చినప్పుడల్లా ఆర్డరు నంబరు వేశారు.

టేబుల్ పలకల్లో ఒకదానికి చిత్రిక పట్టాక లోపలి పగులు బయటపడింది. అప్పటికే విడిగా పెట్టుకున్న చెక్క వేరే చోట వాడేశారు, కాబట్టి 0.4 ఘనపుటడుగు అదనంగా తీశారు, ఖర్చు 200. గంటలు 56 అనుకుంటే 60 అయ్యాయి. ఆ నాలుగూ ఎక్కడ అయ్యాయో కార్డుల్లో ఉంది. అమర్చడానికి 3 బదులు 4, ఎందుకంటే ఇల్లు పై అంతస్తులో ఉంది, లిఫ్టులో పలక పట్టలేదు, మెట్ల మీద మోయాల్సి వచ్చింది. మిగతా మూడూ శాండింగ్‌లో, 10 బదులు 13.

ఈ మూడు గంటలే నాకు ఆసక్తిగా అనిపించాయి. పని నెమ్మదిగా జరిగిందేమో అనుకున్నాం. వడ్రంగిని అడిగితే కారణం చెప్పాడు. పొరలుగా వేసే పాలిష్ చిన్న చిన్న గీతల్ని కప్పేస్తుంది. ఆయిల్ చెక్కలోకి ఇంకి ఆ గీతల్ని ఇంకా బాగా చూపిస్తుంది, ముఖ్యంగా చెక్క చారల దిశకు, అంటే నరానికి, అడ్డంగా పడ్డవాటిని. అందుకే ఇంకా సన్న కాగితంతో మరోసారి, నరం వెంబడి చేత్తో రుద్దాల్సి వచ్చింది. అంటే పాలిష్ వరుసలో తగ్గించిన నాలుగు గంటల్లో మూడు శాండింగ్ వరుసలోకి వెళ్లాయి. ఒక వరుస మారితే దాని పక్క వరుస కూడా కదులుతుందన్న సంగతి బేరం వేళ ఎవరికీ తట్టలేదు.

అసలు ఖర్చు 8,780. లాభం 1,595, అమ్మకంలో 15.4 శాతం. 20 శాతం, అంటే 2,075 అనుకున్నదాంట్లోంచి తగ్గింది 480. అందులో 200 చెక్క, 210 శాండింగ్, 70 మెట్లు. మూడింటికీ కారణం తెలుసు కాబట్టి మూడింటినీ వేర్వేరుగా సరిచేశారు. విడిగా పెట్టిన చెక్క మీద ఆర్డరు నంబరు రాసి వేరే అరలో ఉంచుతున్నారు. కొటేషన్‌కు ముందు అడిగే ప్రశ్నల్లో అంతస్తు, లిఫ్టు కొలత చేరాయి. ఆయిల్ ఫినిష్ కోరినప్పుడు షీట్‌లో తగ్గేది ఇప్పుడు ఒక్క గంట, ఇంకో 20 సామగ్రి. ఖర్చులో 90, ధరలో 112.5. అంత చిన్న తగ్గింపు కోసం ఆయిల్ పట్టించే పని పెట్టుకోవడం ఎందుకని, ఆ తర్వాత అడిగిన కస్టమర్లలో కొందరు పాలిష్‌కే మొగ్గారు.